ఉమ్మి వేరు, తెమడ వేరు: దవాఖానాలో ఏ తెలుగు మాట్లాడాలి?

టీబీ అనుమానంతో వచ్చిన మనిషి చేతికి దవాఖానాలో మొదట అందేది మూత ఉన్న ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో ఏం తేవాలో చెప్పేటప్పుడు వాడే లఫ్జ్ మీదే ఆ తర్వాతి ఇలాజ్ అంతా నడుస్తుంది. మాట సరిగ్గా తగిలితే ఛాతీలోంచి వచ్చిన చిక్కటి తెమడ ఆ డబ్బాలోకి వస్తుంది. తగలకపోతే నోట్లో నీళ్లు వస్తాయి. నోట్లో నీళ్లలో టీబీ పురుగు దొరకడం కష్టం. రిపోర్టు నెగెటివ్ వస్తుంది. మనిషి ఖుషీగా ఇంటికెళ్లిపోతాడు, బీమారీ కూడా అతనితో పాటే ఇంటికెళ్తుంది.

తెలుగులో వైద్యం చెప్పడం గురించి మనవాళ్లు చాలా బహస్ చేస్తారు. అచ్చ తెలుగు మాటలు పుట్టించాలని కొందరు, ఇంగ్లీషు మాటలే ఉంచేయమని ఇంకొందరు. నా ఖయాల్‌లో ఆ సవాలే గలత్. మాట ఏ జబాన్‌లోంచి వచ్చిందన్నది తర్వాత సంగతి. ఆ మాట విన్న మనిషి చేతులు ఏం చేశాయన్నది అసలు సంగతి. ఈ డబ్బానే తీసుకుని చూద్దాం. ఎందుకంటే ఇక్కడ మాట తప్పితే ఆ తప్పు కళ్లకు కనిపిస్తుంది, డబ్బా మూత తీస్తే చాలు.

కాగితాల మీద తరచు కనిపించే తెలుగు ఇలా ఉంటుంది: "రోగి ఉదయం పరగడుపున తన కఫ నమూనాను సేకరించి ప్రయోగశాలలో సమర్పించగలరు." చదువుకున్నవాళ్లకు ఇందులో కష్టమేమీ లేదు. కానీ ఇదే వాక్యాన్ని ఎవరైనా పైకి చదివితే, ఊరి నుంచి వచ్చిన ఒక ఖాలా చెవితో వినండి. 'నమూనా' మాత్రం ఆమెకు తెలుసు, అది ఫార్సీ నుంచి మన ఉర్దూలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చిన మాట. బట్టల దుకాణంలో విన్నది. 'సేకరించి' అంటే ఎవరి దగ్గర సేకరించాలి? 'సమర్పించగలరు' అంటే మరీ విచిత్రం. ఆఫీసు తెలుగులో 'గలరు' అంటే 'దయచేసి ఇవ్వండి' అని. ఇంట్లో మాట్లాడే తెలుగులో 'చేయగలరు' అంటే 'చేసే తాకత్ ఉంది' అని. హుకుం ఇచ్చారో, తారీఫ్ చేశారో తెలియకుండా పోతుంది.

ఇక 'కఫం'. ఈ మాట తెలియనివాళ్లు తక్కువే. అసలు ముష్కిల్ కూడా అక్కడే ఉంది. తెలియని మాటైతే మనిషి అడుగుతాడు, తెలిసిన మాటైతే అడగడు. పట్నంలో 'గొంతులో కఫం' అంటారు, జలుబు చేస్తే 'కఫం పట్టింది' అంటారు. ఆయుర్వేదం విన్నవాళ్లు 'నాది కఫ శరీరం' అని కూడా అంటారు. అంటే కఫం ముక్కులోనూ ఉంది, గొంతులోనూ ఉంది, ఒంటి తత్వంలోనూ ఉంది. ల్యాబులో పనిచేసే మనిషికి కావాల్సింది మాత్రం ఊపిరితిత్తుల్లోంచి దగ్గితే వచ్చేది. ఆ ఒక్కచోటే వేలు పెట్టి చూపించే తాకత్ కఫానికి లేదు.

ఆ పని చేసే మాటలు ఊళ్లలో ఉన్నాయి. మా తెలంగాణ వైపు ఎక్కువగా 'తెమడ' అంటారు. ఆంధ్ర జిల్లాల్లో 'గళ్ల' అనీ, 'కళ్లె' అనీ వింటాం. మన ఇళ్లలో 'బల్గం' అంటారు. నాలుగూ ఒకే వస్తువుకు పేర్లు. దగ్గినప్పుడు లోపలి నుంచి వచ్చే, చిక్కగా జిగటగా ఉండేదానికి. నాలుగు మాటలకూ ఒకే ఐబు. భోజనం దగ్గర పలికే మాటలు కావవి. తెల్లకోటు వేసుకున్నవాళ్లు నలుగురిలో 'గళ్ల' అనడానికి మొహమాటపడి 'కఫం' అంటారు. దానికంటే కష్టమైన చోట, మనిషికి కాస్త తేలిగ్గా చెబుదామనుకుని 'ఉమ్మి ఇవ్వమ్మా' అంటారు. తెలంగాణలో 'ఇందులో ఊంచు' అంటారు. నుక్సాన్ అంతా ఆ దయగల మాటతోనే జరుగుతుంది. ఉమ్మమంటే మనిషి ఉమ్మే ఇస్తాడు. చెప్పినట్టే చేశాడు కదా, అతని తప్పేముంది?

దీనికి సబూత్ ఉంది, అదీ మన జబాన్ మాట్లాడే ఊరి నుంచే. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో మూడు వేల మందికి పైగా టీబీ అనుమానితుల మీద ఒక పరిశోధన చేసి 2007లో లాన్సెట్ పత్రికలో అచ్చు వేశారు. సగం మందికి మామూలుగా డబ్బా ఇచ్చి పంపారు. మిగతా సగానికి ఉమ్మికీ తెమడకూ తేడా ఏమిటో, తెమడ ఎలా తీయాలో కాస్త నిదానంగా వివరించారు. దవా అదే, పరీక్ష అదే. మామూలుగా పంపిన ఆడవాళ్లలో 8 శాతం మందికి టీబీ బయటపడితే, వివరించి పంపిన ఆడవాళ్లలో 13 శాతం మందికి బయటపడింది. మగవాళ్లలో అలాంటి చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఈ లెక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. నాకు అర్థమైనంతలో చెబుతాను. మగాడు బజారులో నలుగురి ముందు కాండ్రించి ఉమ్మినా ఎవరూ ఏమనరు. ఆడది అలా చేస్తే బేషరమ్ అంటారు. చిన్నప్పటి నుంచి తెమడను మింగడమో, కొంగు చాటున తుడుచుకోవడమో ఆమెకు నేర్పాం. అలాంటి మనిషికి వరండాలో, మగవాళ్ల లైను పక్కన డబ్బా ఇచ్చి 'ఉమ్మి తే' అంటే నోటి చివర ఉన్న రెండు చుక్కలు వేసి మూత పెట్టేస్తుంది. ఆమెకు కావాల్సింది లఫ్జ్ ఒక్కటే కాదు, ఇజాజత్ కూడా. 'గట్టిగా దగ్గాలి, చప్పుడైనా ఫర్వాలేదు, అక్కడ ఆ చెట్టు వెనక ఎవరూ లేరు' అన్న మాట కూడా వైద్యంలో భాగమే.

మరి ఎలా చెప్పాలి? మా మొహల్లాలో పెద్దవాళ్లతో దవాఖానాకు తోడు వెళ్లినప్పుడు నేను విన్నవాటిలో అన్నిటికంటే బాగా పనిచేసిన వివరణ ఒక నర్సమ్మది. ఆమె నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు చెప్పింది. ఇంచుమించు ఆమె మాటల్లోనే రాస్తున్నాను:

"అమ్మా, ఇది తెమడ పరీక్ష. నోట్లె ఉండే ఉమ్మి నాకు వద్దు. రేపు పొద్దుగాల లేవంగనే, చాయ్ తాగకముందే, ఉత్త నీళ్లతోని నోరు మంచిగ కడుక్కో. బయట గాలికి నిలబడు. రెండు మూడుసార్లు లోపలికంటా దమ్ము పీల్చి వదులు. అప్పుడు ఛాతీల నుంచి గట్టిగ దగ్గు. చిక్కగ, జిగటగ వస్తది సూడు, అది ఈ డబ్బాల వెయ్యి. చాయ్ చెంచాల సగం అన్న ఉండాలె. నీళ్లలెక్క ఉంటే మళ్ల దగ్గు. మూత గట్టిగ పెట్టి తీస్కరా."

ఇందులో ఏం జరిగిందో చూడండి. మొదట ఏది వద్దో చెప్పింది, తర్వాత ఏది కావాలో చెప్పింది. 'నమూనా తగినంత పరిమాణంలో' అనకుండా చాయ్ చెంచా చూపించింది. సగం చెంచా అంటే దాదాపు రెండు మిల్లీలీటర్లు, ల్యాబుకు అంత కావాలి. బాగుందో లేదో ఇంట్లోనే పోల్చుకునే గుర్తు కూడా ఇచ్చింది: నీళ్లలా ఉంటే మళ్లీ దగ్గాలి. 'ఛాతీ' అన్న మాట వాడడం ఇంకా మంచి పని. 'గుండెల్లోంచి దగ్గు' అని కూడా తెలుగువాళ్లు అంటారు. ఊళ్లో 'గుండెలు' అంటే రొమ్ము మొత్తం. కానీ పట్నంలో చదువుకున్న కొడుక్కి గుండె అంటే హార్టు, అమ్మకు గుండె జబ్బేమోనని కార్డియాలజీ వైపు పరుగెత్తుతాడు. ఛాతీ మన జబాన్ నుంచి తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాట. హైదరాబాదులో ఎర్రగడ్డ ఛాతీ దవాఖానా పేరు తెలియని బస్తీ లేదు.

ఇదే మాటను గుంటూరు వైపు నుంచి వచ్చిన కూలీకి చెప్పాలంటే 'తెమడ' తీసేసి 'గళ్ల' పెట్టాలి, 'పొద్దుగాల' బదులు 'పొద్దున్నే', 'కడుక్కో' బదులు 'పుక్కిలించు'. 'కాండ్రించి కాదు, దగ్గి' అని కూడా చెప్పాలి. ఎందుకంటే కాండ్రిస్తే గొంతులోది వస్తుంది, ఛాతీలోది రాదు. పట్నంలో ఇంగ్లీషు మీడియంలో చదివిన కుర్రాడికి 'తెమడ' అన్నా 'గళ్ల' అన్నా తెలియకపోవచ్చు. అతనికి 'స్ప్యూటమ్, దగ్గితే లంగ్స్‌లోంచి వచ్చేది, సలైవా కాదు' అనాలి. ఇది తెలుగుకు ద్రోహం అని నేననుకోను. అతని ఇంట్లో ఆ వస్తువుకు ఉన్న పేరు అదే.

డబ్బా గండం గడిచాక ఇంకో మాట వస్తుంది, అది ఇంతకంటే మోసగత్తె. 'తగ్గింది'. తెలుగులో జ్వరం తగ్గిందంటే రెండు మతలబులు. కొంచెం తక్కువైందని ఒకటి, పూర్తిగా నయమైందని ఇంకొకటి. మామూలు జ్వరానికి ఈ రెంటికీ మధ్య రెండు రోజులే తేడా, అందుకే జబాన్ వాటికి వేరు మాటలు పుట్టించుకోలేదు. హైదరాబాదీ ఉర్దూలో 'అబ్ ఆరామ్ హై' అన్నా అంతే. టీబీలో మాత్రం ఆ రెంటి మధ్య నెలలున్నాయి. మామూలు టీబీ ఇలాజ్ ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. చాలామందికి మొదటి కొన్ని వారాల్లోనే జరం పోతుంది, ఆకలి పుడుతుంది, దగ్గు నెమ్మదిస్తుంది. డాక్టర్ సాబ్ 'తగ్గిందా?' అని అడుగుతారు. మరీజ్ 'తగ్గింది సార్' అంటాడు. ఆయన విన్నది 'కొంచెం తక్కువైంది' అని. ఇతను అన్నది 'అయిపోయింది' అని. ఇద్దరూ సచ్ మాట్లాడారు, ఇద్దరి మధ్యా అబద్ధం పుట్టింది. ఇంటికెళ్లి గోలీలు ఆపేస్తాడు. మిగిలిన పురుగులు మళ్లీ పెరుగుతాయి. ఆపుతూ మొదలుపెడుతూ పోతే మందుకు లొంగని టీబీగా మారే ఖత్రా ఉంది.

పుస్తకాల తెలుగు దీనికి ఇచ్చే జవాబు 'చికిత్సా కాలాన్ని పూర్తి చేయవలెను'. ఎందుకో చెప్పదు. నేనైతే ఆ 'తగ్గింది' అన్న మాటనే రెండుగా చీల్చమంటాను: "దగ్గు ఆగింది, పురుగు చావలేదు." దీని మీద చదువుకున్నవాళ్లు అభ్యంతరం చెబుతారు, బ్యాక్టీరియాను పురుగు అంటే కడుపులో నులిపురుగులు అనుకుంటారని. వాళ్ల మాటలో నిజముంది. అందుకే 'కంటికి కనపడని పురుగు, ఛాతీలో ఉంటుంది' అని ఇంకో నాలుగు లఫ్జులు కలపాలి. 'సూక్ష్మక్రిమి' అంటే పొరపాటు పడరు, నిజమే, కానీ మనసులో బొమ్మ కూడా పడదు. బొమ్మ పడని మాట ఆరు నెలలు గోలీ మింగించలేదు. ఆ ఆరు నెలల్ని కూడా అంకెల్లో కాకుండా వాళ్ల సంవత్సరంలో చూపించాలి. బతుకమ్మకు మొదలుపెడితే ఉగాది దాకా అంటే తెలంగాణలో ఏ ఇల్లాలికైనా అది ఎంత దూరమో తెలుస్తుంది.

మూడో మాట రంగుది. టీబీ గోలీల్లో రిఫాంపిసిన్ అనే మందు మూత్రాన్ని ఎర్రగా, నారింజ రంగులోకి మారుస్తుంది. దాని వల్ల నుక్సాన్ లేదు. కానీ ముందే చెప్పకపోతే మొదటి రోజే మనిషి నెత్తురు పడుతోందని హడలిపోయి మందు మానేస్తాడు. 'మూత్రం' అంటే అందరికీ అర్థమవుతుంది గానీ పెద్దవాళ్లు ఒంటేలు అంటారు, మన ఇళ్లలో పేషాబ్, పట్నంలో యూరిన్. ఇక్కడ ఏది వాడినా పెద్ద తేడా రాదు. తేడా రంగు దగ్గర వస్తుంది. 'నారింజ రంగు' బడి పుస్తకంలో మాట. తెలంగాణలో 'సంత్రా రసం రంగు' అనండి, కోస్తాలో 'కమలాపండు రసం రంగు' అనండి, కళ్ల ముందు కనిపిస్తుంది. ఉత్త 'ఎర్రగా' అని వదిలేస్తే మాత్రం నెత్తురే గుర్తొస్తుంది.

దీనికి పక్కనే ఒక నిజమైన ఖత్రా ఉంది. ఇవే గోలీలు కొందరికి కలేజా మీద, అంటే కాలేయం మీద దెబ్బ కొడతాయి. అప్పుడు కళ్లు పచ్చబడతాయి, వాంతులవుతాయి, అన్నం సహించదు. వెంటనే దవాఖానాకు రావాలి. ఇప్పుడు 'కళ్లు పచ్చగా అయితే రండి' అని చెప్పామనుకోండి. ఊళ్లో పచ్చ అంటే పసుపు కూడా, పచ్చ కామెర్లు అనే మాట అలా వచ్చిందే. పట్నం పిల్లలకు పచ్చ అంటే ఆకుపచ్చ ఒక్కటే. నాన్న కళ్లు ఆకుల రంగులోకి మారేదాకా కొడుకు ఎదురుచూస్తే ఏం కావాలి? 'కళ్లలో తెల్లగుడ్డు పసుపు రాసినట్టయితే' అనాలి. అందరి వంటింట్లో ఉన్న వస్తువు అది, ఊరూ పట్నం తేడా లేదు. కాబట్టి రెండు వాక్యాలూ ఒకే దమ్ములో చెప్పాలి: "పేషాబ్ సంత్రా రసంలా వస్తే ఘబ్రాయించకండి, గోలీ వేసుకోండి. కళ్లు పసుపు రాసినట్టయితే గోలీ వేసుకోకుండా అదే రోజు ఇక్కడికి రండి."

ఇదంతా చదివి మీలో కొందరు అడుగుతారు, జిల్లాకో యాసలో కాగితాలు అచ్చు వేస్తామా అని. అక్కర్లేదు. కాగితం అందరి తెలుగులోనే ఉండనివ్వండి, కానీ పక్కన మాట పెట్టండి: 'కఫం, అంటే తెమడ లేదా గళ్ల'. పుస్తకంలోని మాటకూ ఫాయిదా ఉంది. గుంటూరు మరీజ్ హైదరాబాదు దవాఖానాకు వచ్చినప్పుడు రెండు ఊళ్లనూ కలిపేది అదే. రిపోర్టు మీద, ఫైలు మీద ఉండేది అదే. అయితే పుస్తకం మాట పేరు చెప్పడానికి పనికొస్తుంది. పని చేయించడానికి ఇంట్లో మాట కావాలి. రెంటినీ కలిపి వాడితే మరీజ్‌కు రెండో మాట కూడా అలవాటవుతుంది.

మనం వాడుక భాష గెలిచిందని చెప్పుకుంటాం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న ఆంధ్రలో, కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణలో భాషా దినోత్సవం చేసుకుంటాం. రెండు తారీఖులు ఉండడమే ఒక హకీకత్ చెబుతుంది. గ్రాంథికం పోయి వాడుక భాష వచ్చింది గానీ, ఎవరి వాడుక అన్న సవాల్ మిగిలే ఉంది. పత్రికల్లో నడిచే సాఫ్ తెలుగు నల్లగొండ పెద్దావిడకు వాడుక కాదు, అది కూడా ఆఫీసు తెలుగే.

ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. యాస మాట వాడమన్నానని, కోస్తా నుంచి వచ్చిన డాక్టరు తెలంగాణ మరీజ్ దగ్గర 'ఏందే అవ్వా, ఎట్లున్నవే' అంటే ఆమె ఇజ్జత్ పోయినట్టుంటుంది. మన యాసను సినిమాల్లో ఏళ్ల తరబడి నవ్వులాటకు వాడారు, ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ నర్సమ్మ 'కడుక్కో, దగ్గు' అని ఏకవచనంలో అంటే ప్రేమగా వినిపించింది, ఎందుకంటే అది ఆమె సొంత జబాన్. బయటివాళ్లు మాటను తీసుకోవాలి, రాగాన్ని తీసుకోకూడదు. 'తెమడ తీసుకురండి అమ్మా' అంటే చాలు. మాట ఆమెది, మర్యాద మీది.

చివరికి మాట తగిలిందో లేదో ఎలా తెలుస్తుంది? 'అర్థమైందా?' అని అడిగితే తెలియదు. ఆ సవాల్‌కు మన దేశంలో జవాబు ఒక్కటే, తలూపడం. 'లేదు' అంటే పెద్ద మనిషిని తప్పుబట్టినట్టు. దానికి బదులు ఇలా అడగాలి: "ఇంటికెళ్లాక మీ కోడలు ఈ డబ్బా ఎందుకని అడిగితే ఏం చెబుతారు?" అప్పుడు ఆమె తన సొంత మాటల్లో చెబుతుంది. 'ఉమ్మి వేసుకు రమ్మన్నారు' అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పండి. 'బల్గం' అంటుందో, 'కళ్లె' అంటుందో, ఆమె నోటి నుంచి ఏ లఫ్జ్ వస్తే దాన్ని పట్టుకోండి. ఆ తర్వాత ఆ మరీజ్‌తో మాట్లాడినంత కాలం ఆ లఫ్జే వాడండి.